గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కు టీవీ కనబడకపోతే

ప్రశ్న: "మా ఇంట్లో ఆండ్రాయిడ్ టీవీ మెయిన్ వైఫైలో ఉంది. చుట్టాలు వస్తే గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ ఇస్తాను. వాళ్ల ఫోన్లో యూట్యూబ్ తెరిచి క్యాస్ట్ గుర్తు నొక్కితే మా టీవీ పేరు రావడం లేదు. సరే అని టీవీని కూడా గెస్ట్‌లోకి మార్చాను. అయినా రాలేదు, పైగా ఇప్పుడు మా ఫోన్లకూ పోయింది. నెట్ మాత్రం అన్నిటికీ బాగానే వస్తోంది. టీవీ పాడైందా, తప్పు రూటర్‌దా?"

టీవీ పాడవలేదు, రూటరూ పాడవలేదండీ. గెస్ట్ వైఫైని పెట్టిందే ఇలా అడ్డుపడటానికి. ముందు టీవీని మళ్లీ మెయిన్ వైఫైలోకి మార్చేయండి, మీ ఇంటి ఫోన్లకు క్యాస్ట్ తిరిగి వచ్చేస్తుంది. చుట్టాలకు యూట్యూబ్ ఒక్కటే చాలనుకుంటే రూటర్ జోలికి వెళ్లకుండా టీవీ కోడ్‌తో పని అయిపోతుంది, ఎలాగో కింద రాశాను. అలా కాదు, వాళ్లు గెస్ట్‌లోనే ఉండి అన్ని యాప్‌ల నుంచీ క్యాస్ట్ చేయాలంటే మాత్రం రూటర్ రెండు పనులు చేయాలి. ఒకటి, "ఇక్కడ టీవీ ఉందా" అని ఫోన్ అడిగే ప్రశ్నను గెస్ట్ నుంచి మెయిన్‌కు మోసుకెళ్లి జవాబు తెచ్చివ్వాలి. రెండు, టీవీ దొరికాక ఫోన్ నేరుగా దానితో మాట్లాడటానికి దారి వదలాలి. మొదటిది చేసి రెండోది మరిచిపోయినవాళ్లే నాకు ఎక్కువగా ఫోన్ చేస్తుంటారు.

నేను విశాఖలో ఇళ్లకూ, చిన్న లాడ్జీలకూ, సర్వీస్ అపార్ట్‌మెంట్లకూ నెట్‌వర్క్ వేసే పని చేస్తాను. ఈ ఫిర్యాదు నాకు రోజువారీ వ్యవహారం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు ఏం జరుగుతోంది

క్యాస్ట్ గుర్తు నొక్కినప్పుడు ఫోన్‌కు మీ టీవీ ఐపీ అడ్రస్ తెలియదు. కాబట్టి అది `_googlecast._tcp.local` అనే సర్వీస్ ఎవరి దగ్గరుందని అందరినీ కలిపి అడుగుతుంది. ఈ పద్ధతి పేరు ఎండీఎన్‌ఎస్. ప్రశ్న వెళ్లేది 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కు, యూడీపీ 5353 పోర్ట్ మీద. వీధిలో నిలబడి "మాస్టారి ఇల్లు ఏదండీ" అని కేకేయడం లాంటిది ఇది. ఆ వీధిలో ఉన్నవాళ్లు వింటారు, పక్క వీధివాళ్లకు వినబడదు.

వినబడకపోవడం పొరపాటు కాదు. 224.0.0 తో మొదలయ్యే మల్టీకాస్ట్ అడ్రస్‌లకు వెళ్లేది ఏదైనా సరే, రూటర్ ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు పంపకూడదన్నది నియమం. ఏ కంపెనీ రూటరైనా, ఎంత ఖరీదైనదైనా అంతే. మీ చుట్టాల ఫోన్ గెస్ట్‌లో, టీవీ మెయిన్‌లో ఉన్నప్పుడు ప్రశ్న గెస్ట్‌లోనే ఆగిపోయింది. టీవీని గెస్ట్‌లోకి మార్చాక మీ ఫోన్లు మెయిన్‌లోనే ఉండిపోయాయి కాబట్టి వాటికీ అదే గతి పట్టింది.

మరి టీవీ, చుట్టాల ఫోన్ రెండూ గెస్ట్‌లోనే ఉన్నప్పుడు ఎందుకు రాలేదు? అక్కడ అడ్డుపడింది వేరే విషయం. రూటర్ సెట్టింగుల్లో దాన్ని `AP Isolation`, `Client Isolation`, `Wireless Isolation` అని రకరకాల పేర్లతో పిలుస్తారు. వైఫైలో ఫోన్ మల్టీకాస్ట్ పంపినా అది గాల్లోంచి నేరుగా టీవీకి వెళ్లదు. ముందు రూటర్‌కే వెళ్తుంది. రూటర్ దాన్ని తీసుకుని అందరూ వినేలా మళ్లీ ప్రసారం చేయాలి. ఐసోలేషన్ ఉంటే ఈ రెండో సగం జరగదు. ఫోన్ నుంచి వచ్చినదాన్ని రూటర్ ఇంటర్నెట్ వైపు పంపుతుంది గానీ, అదే వైఫైలో ఉన్న ఇంకో పరికరానికి తిరిగి ఇవ్వదు. మల్టీకాస్ట్ ఒక్కటే కాదు, ఒక ఫోన్ నుంచి టీవీకి నేరుగా రాసిన ప్యాకెట్‌ను కూడా ఇవ్వదు. ఇంటర్నెట్ వైపు దారి తెరిచే ఉంటుంది కాబట్టి "నెట్ బాగానే వస్తోంది, క్యాస్ట్ ఒక్కటే రాదు" అన్న మీ అనుభవం సరిగ్గా ఇదే.

గెస్ట్ వైఫై పెట్టగానే చాలా రూటర్లు ఈ ఐసోలేషన్‌ను వాటంతట అవే వేసేస్తాయి. కొన్ని కంపెనీ రూటర్లలో దాన్ని తీసేసే గడి కూడా ఉండదు.

మీ ఇంట్లో ఏది అడ్డుపడుతోందో తేల్చుకోవడం

టీవీలో నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లి ఐపీ అడ్రస్ రాసుకోండి. ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి దాని ఐపీ కూడా చూడండి. టీవీది 192.168.1.50, ఫోన్‌ది 192.168.2.17 అయితే రెండూ వేర్వేరు నెట్‌వర్కులు, ఇక వెతకనక్కర్లేదు. రెండూ 192.168.1 తోనే మొదలైతే పైకి ఒకే నెట్‌వర్క్, కానీ మధ్యలో ఐసోలేషన్ ఉండొచ్చు. కొన్ని రూటర్లు గెస్ట్‌కు వేరే నంబర్లు ఇవ్వవు, మెయిన్ నంబర్లే ఇచ్చి లోపల అడ్డు పెడతాయి. కాబట్టి ఐపీలు కలిశాయని సంబరపడకండి.

తర్వాత చేసే పరీక్ష నాకు అన్నిటికన్నా ఇష్టం. ఫోన్ బ్రౌజర్‌లో టీవీ ఐపీ పెట్టి ఇది టైప్ చేయండి:

```
http://192.168.1.50:8008/setup/eureka_info
```

క్రోమ్‌కాస్ట్‌కూ, దాన్ని లోపల కలుపుకున్న ఆండ్రాయిడ్ టీవీలకూ ఈ అడ్రస్ సాధారణంగా జవాబిస్తుంది. టీవీ పేరు, కొన్ని వివరాలు కలిపి ఒక అక్షరాల కుప్పలా తెర మీద పడతాయి. అర్థం చేసుకోనక్కర్లేదు, పడిందా లేదా అన్నదే ముఖ్యం. పడి కూడా క్యాస్ట్ జాబితాలో టీవీ లేకపోతే, దారి తెరిచే ఉంది, వెతుకులాట ఒక్కటే అందడం లేదు. పేజీ తిరిగి తిరిగి ఆగిపోతే దారే మూసి ఉంది, అంటే ఐసోలేషనో, రెండు నెట్‌వర్కుల మధ్య ఫైర్‌వాలో. ఈ పరీక్ష చేసేముందు టీవీ ఆన్‌లో ఉండాలి, ఫోన్లో వీపీఎన్ ఆపేసి ఉండాలి. వీపీఎన్ ఉంటే ఫలితాన్ని నమ్మలేం.

ల్యాప్‌టాప్ ఉంటే వెతుకులాటను కూడా విడిగా చూడొచ్చు. లినక్స్‌లో మొదటిది, మ్యాక్‌లో రెండోది:

```
avahi-browse -rt _googlecast._tcp
dns-sd -B _googlecast._tcp
```

మెయిన్‌లో ఉండి నడిపితే టీవీ పేరు వస్తుంది. అదే ల్యాప్‌టాప్‌ను గెస్ట్‌కు మార్చి నడిపితే ఖాళీగా ఉంటుంది. తేడా అంతా అక్కడే తెలిసిపోతుంది.

చుట్టాల్లో ఒకరి ఐఫోన్‌కు మాత్రమే రావడం లేదంటే రూటర్‌ను తిట్టకముందు ఆ ఫోన్ సెట్టింగుల్లో `Local Network` అనుమతి చూడండి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ ఈ అనుమతి విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దు అని నొక్కేసినవాళ్లకు ఎన్ని రూటర్లు మార్చినా టీవీ కనబడదు.

రూటర్‌ను ముట్టుకోకుండా

టీవీలో యూట్యూబ్ యాప్ తెరిచి సెట్టింగుల్లో `Link with TV code` ఎంచుకుంటే ఒక అంకెల కోడ్ వస్తుంది. చుట్టాలు తమ ఫోన్ యూట్యూబ్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కి అదే పేరున్న చోట ఆ కోడ్ కొడితే చాలు. ఇందులో ఫోన్, టీవీ ఒకదాన్నొకటి వెతుక్కోవు, రెండూ ఇంటర్నెట్‌లోని యూట్యూబ్ సర్వర్ ద్వారా కలుస్తాయి. ఫోన్ మొబైల్ డేటాలో ఉన్నా పని చేస్తుంది. అందుకే గెస్ట్ గోడ దీనికి అడ్డే కాదు.

ఒక చిన్న మెలిక ఉంది. అలా కలిపిన ఫోన్ ఊరికి వెళ్లిపోయాక కూడా కలిసే ఉంటుంది. అర్ధరాత్రి మీ టీవీలో ఎవరో పాట పెడితే దయ్యం అనుకోకండి, మీ బావమరిది ఊళ్లో తన టీవీ అనుకుని మీ టీవీ పేరు నొక్కి ఉంటాడు. చుట్టాలు వెళ్లాక టీవీ యూట్యూబ్ సెట్టింగుల్లోనే కలిపిన ఫోన్లను విడదీసేయండి.

ఫోన్ తెర మొత్తాన్ని టీవీలో చూపించాలంటే మిరాకాస్ట్ ఉంది. అది వైఫై డైరెక్ట్ మీద ఫోన్ నుంచి టీవీకి నేరుగా వెళ్తుంది, రూటర్ ప్రమేయం ఉండదు. రెండింటికీ ఆ సౌకర్యం ఉండాలి, అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉండదు. ఫోటోలు చూపించడానికి బాగుంటుంది, సినిమా మొత్తం చూడటానికి నేను సలహా ఇవ్వను, ఫోన్ వేడెక్కిపోతుంది.

ఇంకో దారి అందరికీ తెలిసిందే, చుట్టాలకు మెయిన్ పాస్‌వర్డ్ ఇచ్చేయడం. సొంత తమ్ముడైతే ఇవ్వండి, ఏం పోదు. కానీ ఇంట్లో సీసీ కెమెరాల డీవీఆర్ ఉండి, దాని పాస్‌వర్డ్ కొన్నప్పటిదే ఇంకా ఉందంటే వచ్చినవాళ్లందరికీ మెయిన్ ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. రూటర్‌లో గెస్ట్ పేజీలో `Allow guests to access my local network` లాంటి గడి కనబడితే దాన్ని టిక్ చేయడం కూడా ఇంచుమించు అంతే. క్యాస్ట్ కోసం ఆ ఒక్క గడి టిక్ చేసి డీవీఆర్, ప్రింటర్, హార్డ్‌డిస్క్ అన్నీ తెరిచిపెట్టిన ఇళ్లు చాలా చూశాను.

గెస్ట్‌ను గెస్ట్‌లాగే ఉంచి క్యాస్ట్ ఒక్కటే వదలడం

దీనికి ఎండీఎన్‌ఎస్‌ను ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి మోసే సౌకర్యం రూటర్‌లో ఉండాలి. యూనిఫై, ఒమాడా లాంటి ఆఫీస్ తరహా పరికరాల్లో సెట్టింగుల్లోనే `mDNS` పేరుతో ఉంటుంది, గెస్ట్, మెయిన్ రెండింటినీ ఎంచుకోవాలి. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే రూటర్లలో మాత్రం నేను చూసినంతవరకు ఉండదు. మీదీ అలాంటిదైతే పై దారులతో సరిపెట్టుకోండి, లేదా వెనకాల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగిన రూటర్ పెట్టుకోండి. ఆ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీదే ఉదాహరణ చెబుతాను. మెయిన్ 192.168.1, గెస్ట్ 192.168.2, టీవీ మెయిన్‌లో 192.168.1.50 అనుకుందాం.

ముందు టీవీకి ఆ నంబర్ ఎప్పటికీ మారకుండా డీహెచ్‌సీపీలో, అంటే రూటర్ ఐపీలు పంచే సెట్టింగుల్లో, కేటాయించేయాలి. ఫైర్‌వాల్ నియమం ఈ నంబర్ మీదే ఆధారపడుతుంది. కేటాయించకపోతే కొన్నాళ్లు బాగా పని చేసి, ఓ రోజు కరెంటు పోయి వచ్చాక టీవీకి వేరే నంబర్ పడి క్యాస్ట్ ఆగిపోతుంది. టీవీని వైఫై నుంచి కేబుల్‌కు మార్చినా అదే జరుగుతుంది, రెండింటికీ మ్యాక్ అడ్రస్‌లు వేరు.

మోసే పని అవాహీ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. `avahi-dbus-daemon` ప్యాకేజీ వేసి `/etc/avahi/avahi-daemon.conf` లో ఈ వరుసలు ఉండేలా చూడండి:

```
[server]
allow-interfaces=br-lan,br-guest

[reflector]
enable-reflector=yes
reflect-filters=_googlecast._tcp.local
```

మొదటి వరుస వల్ల ఇంటర్నెట్ వైపుకు ఇది వెళ్లదు. చివరి వరుస పాత అవాహీలో ఉండదు. అది లేకపోతే మీ ప్రింటర్, ల్యాప్‌టాప్ పేర్లు కూడా గెస్ట్ ఫోన్లకు కనబడతాయి. పేర్లు కనబడటమే, తెరవలేరు, అయినా కనబడకపోవడమే మంచిది. ఐఫోన్ వాళ్లకు ఎయిర్‌ప్లే కూడా కావాలంటే కామా పెట్టి `_airplay._tcp.local` చేర్చాలి, దానికి కావలసిన పోర్టులూ విడిగా తెరవాలి. ఇంకో మాట, ఇంట్లో ఇలా మోసే పరికరం ఒక్కటే ఉండాలి. అవే రెండు నెట్‌వర్కుల మధ్య రెండు పెడితే ఒకదాని ప్రశ్నను ఇంకోటి మోస్తూ, దాన్ని మళ్లీ మొదటిది మోస్తూ వైఫై అంతా ఆ గోలతో నిండిపోతుంది.

ఇప్పుడు ఫైర్‌వాల్. గెస్ట్ నుంచి రూటర్‌కే 5353 చేరాలి, గెస్ట్ నుంచి ఆ ఒక్క టీవీకి క్యాస్ట్ పోర్టులు తెరవాలి:

```
config rule
    option name 'guest-mdns'
    option src 'guest'
    option proto 'udp'
    option dest_ip '224.0.0.251'
    option dest_port '5353'
    option target 'ACCEPT'

config rule
    option name 'guest-tv'
    option src 'guest'
    option dest 'lan'
    option dest_ip '192.168.1.50'
    option proto 'tcp'
    option dest_port '8008 8009 8443'
    option target 'ACCEPT'
```

అసలు క్యాస్ట్ సంభాషణ నడిచేది 8009 మీద. మొదటి నియమం లేకపోతే టీవీ జాబితాలోనే రాదు. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఇంకా చిరాకు: టీవీ పేరు కనబడుతుంది, నొక్కితే తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. పేరు కనబడటం, కలవడం రెండు వేర్వేరు విషయాలు. ఈ లక్షణం చూడగానే నేను అవాహీ వైపు చూడను, నేరుగా 8009 చూస్తాను.

ఇక్కడ గమనించాల్సింది, గెస్ట్ వైఫై మీద ఐసోలేషన్‌ను తీయలేదు. గెస్ట్ ఫోన్ల మధ్య అడ్డు అలాగే ఉంది. ఫోన్ ప్రశ్న రూటర్‌కు చేరుతుంది, రూటర్ దగ్గర్నుంచి జవాబు ఫోన్‌కు చేరుతుంది, ఈ రెండింటినీ ఐసోలేషన్ ఆపదు. కాబట్టి క్యాస్ట్ కోసం ఐసోలేషన్ తీసేయాల్సిందే అన్నది నిజం కాదు. టీవీ కూడా గెస్ట్‌లోనే ఉంటేనే అది తీయాల్సి వస్తుంది.

ఇదంతా చేశాక యూట్యూబ్ బాగా వస్తుంది గానీ ఫోన్ గ్యాలరీలో ఫోటోలు క్యాస్ట్ చేస్తే రావు. దానికీ కారణం ఉంది. యూట్యూబ్‌లో ఫోన్ టీవీకి ఇచ్చేది ఏ వీడియో అన్న సమాచారం మాత్రమే, వీడియోను టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్లో ఉన్న ఫోటో అయితే టీవీ వెనక్కి ఫోన్ దగ్గరకే వచ్చి తీసుకోవాలి. అంటే మెయిన్ నుంచి గెస్ట్‌కు కొత్త కనెక్షన్ మొదలవ్వాలి, దానికి మనం దారి ఇవ్వలేదు. మెయిన్ నుంచి గెస్ట్‌కు వెళ్లడం వదిలితే పెద్ద ప్రమాదం లేదు, నమ్మకమైన వైపు నుంచి నమ్మకం లేని వైపుకే కదా. తెర మొత్తం చూపించేది ఇంకా వేరు, అది యూడీపీ మీద నడుస్తుంది, పై నియమంతో రాదు.

కొన్ని టీవీలు తమ నెట్‌వర్క్ కాని ఐపీ నుంచి ఎవరైనా కలవబోతే జవాబే ఇవ్వవు. ఫైర్‌వాల్ అంతా సరిగ్గా ఉండి కూడా `eureka_info` పేజీ మెయిన్ నుంచి వచ్చి గెస్ట్ నుంచి రాకపోతే దీన్ని అనుమానించండి. గెస్ట్ నుంచి ఆ టీవీకి వెళ్లేదాన్ని రూటర్ సొంత మెయిన్ ఐపీ పేరుతో వెళ్లేలా మాస్కరేడ్ చేస్తే టీవీ ఒప్పుకుంటుంది.

టీవీలు ఎక్కువ ఉన్నచోట

ఇల్లు కాదు, అద్దెకిచ్చే గదులైతే లెక్క మారిపోతుంది. బీచ్ రోడ్ దగ్గర్లో నాలుగు ఫ్లాట్ల సర్వీస్ అపార్ట్‌మెంట్ ఒకటి చూశాను. ఒకే ఫైబర్ కనెక్షన్, ఒకే గెస్ట్ వైఫై, నాలుగు టీవీలూ అందులోనే. ఐసోలేషన్ ఉన్నన్నాళ్లూ ఎవరికీ క్యాస్ట్ రాదని గొడవ. యజమాని ఎవరో చెప్పగా ఐసోలేషన్ తీసేశాడు. ఆ సాయంత్రం నుంచి వేరే గొడవ మొదలైంది. ప్రతి ఫోన్‌లోనూ నాలుగు టీవీలూ కనబడుతున్నాయి, నాలుగూ ఒకే మోడల్ కాబట్టి పేర్లూ ఒకటే. పై ఫ్లాట్‌లో పిల్లాడు కార్టూన్ పెడితే కింద ఫ్లాట్‌లో క్రికెట్ చూస్తున్నవాళ్ల టీవీలో పడింది. పైగా ఎవరు క్యాస్ట్ చేసినా ఆ నెట్‌వర్క్‌లోని మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా ఆపే బొత్తాంతో నోటిఫికేషన్ వెళ్లేది. పిల్లలకు అదో ఆట అయిపోయింది.

క్యాస్ట్‌లో పాస్‌వర్డ్ అన్నదే లేదని చాలామందికి తెలియదు. టీవీని చేరగలిగినవాడు టీవీని నడపగలడు. 2019 జనవరిలో రూటర్లలో పొరపాటున ఇంటర్నెట్‌కు తెరుచుకుని ఉన్న వేలాది క్రోమ్‌కాస్ట్‌లలో బయటివాళ్లు ఒక యూట్యూబ్ ఛానల్ ప్రచారం వేసి చూపించారు. వాళ్లకు కావలసిందల్లా పైన చెప్పిన ఆ పోర్టులు అందుబాటులో ఉండటమే. అందుకే నేను ఎప్పుడూ టీవీని ఎవరు చేరగలరు అన్న లెక్క ముందు వేస్తాను, ఎవరికి కనబడాలన్నది తర్వాత.

అక్కడ చేసిన పరిష్కారం ఇది. ఫ్లాట్‌కో వీల్యాన్, అంటే అవే పరికరాల మీద విడిగా నడిచే సొంత నెట్‌వర్క్, ఫ్లాట్‌కో వైఫై పేరు, ఫ్లాట్‌కో పాస్‌వర్డ్. ఫ్లాట్ లోపల ఐసోలేషన్ లేదు, ఫోన్, టీవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి కాబట్టి అవాహీ కూడా అక్కర్లేదు. ఫ్లాట్‌కూ ఫ్లాట్‌కూ మధ్య మాత్రం ఫైర్‌వాల్ గట్టిగా మూసేశాం. టీవీలకు ఫ్లాట్ నంబర్లతో పేర్లు పెట్టాం. అద్దెకొచ్చేవాళ్లకు ఇది టీవీలో లాగిన్ అవ్వడం కన్నా నయం, క్యాస్ట్ చేసినవాళ్ల అకౌంట్ టీవీలో మిగిలిపోదు.

గదులు ఇరవై ఉంటే ఇరవై వైఫై పేర్లు పెట్టకండి. ప్రతి పేరూ సెకనుకు పదిసార్ల దాకా తన ఉనికిని ప్రకటిస్తూనే ఉంటుంది, అవే గాలి నింపేస్తాయి. ఒక్కో యాక్సెస్ పాయింట్ మీద నాలుగు పేర్లకు మించి నేను పెట్టను. అంతకన్నా ఎక్కువ గదులుంటే వైఫై పేరు ఒకటే ఉంచి, గదికో పాస్‌వర్డ్ ఇచ్చి, ఏ పాస్‌వర్డ్ కొట్టారన్నదాన్ని బట్టి ఆ గది వీల్యాన్‌లోకి పంపే పరికరాలు దొరుకుతాయి. సెట్టింగుల్లో `PPSK` అని ఉంటుంది.

తికమక పెట్టే కొన్ని లక్షణాలు

ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో, టీవీ 2.4లో ఉంటే కనబడుతుంది, రెండూ ఒకే బ్యాండ్‌లోకి రాగానే మాయమవుతుంది. ఐసోలేషన్ ఒక్కో రేడియో లోపలే పని చేసే రూటర్లలో ఇలా జరుగుతుంది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో నేనే చూశాను. ఎవరో మెయిన్ వైఫై మీదే ఐసోలేషన్ టిక్ చేసి ఉంటారు, తీసేస్తే సరిపోతుంది. తీయడం కుదరకపోతే టీవీకి ల్యాన్ కేబుల్ లాగండి. వైఫై ఐసోలేషన్ సాధారణంగా కేబుల్ మీద ఉన్నదానికి వర్తించదు.

టీవీని ఆపి మళ్లీ ఆన్ చేసిన వెంటనే ఫోన్లో కనబడి, నాలుగైదు నిమిషాల్లో పోతుందంటే అది గెస్ట్ గొడవ కాదు, ఐజీఎంపీ స్నూపింగ్ మీద నా అనుమానం. టీవీ లేవగానే తన పేరు తనే ప్రకటిస్తుంది కాబట్టి కాసేపు కనబడుతుంది. మల్టీకాస్ట్ ఎవరికి కావాలో రాసుకునే స్విచ్, మధ్యలో ఎవరూ గుర్తు చేయకపోతే మామూలుగా 260 సెకన్లకు ఆ పేరు కొట్టేస్తుంది. 224.0.0.251 లాంటి వాటిని స్విచ్‌లు అలా కొట్టేయకుండా అందరికీ వదలాలి, కానీ కొన్ని చవక స్విచ్‌లు, మెష్ పెట్టెలు కొట్టేస్తాయి. `IGMP Snooping` ఆపి చూడండి.

గెస్ట్ అనేదే పెట్టని ఇంట్లో కూడా ఇదే సమస్య వస్తే రూటర్లు లెక్కపెట్టండి. ఫైబర్ వాళ్ల పెట్టె హాల్లో, మీరు కొన్న రూటర్ పడకగదిలో, రెండూ వైఫై ఇస్తుంటే, టీవీ ఒకదానిలో, ఫోన్ ఇంకోదానిలో ఉంటాయి. అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులే. రెండో రూటర్‌ను `Access Point` మోడ్‌లోకి మార్చేస్తే అంతా ఒకటైపోతుంది.

మీ విషయంలో టీవీ మెయిన్‌కు వెళ్లాక మీ ఫోన్ నుంచి, తర్వాత గెస్ట్ ఫోన్ నుంచి ఆ 8008 పేజీ తెరిచి చూసి, రెండు ఐపీలూ, రూటర్ మోడలూ ఇక్కడ రాయండి. టీవీకి ఏ నంబర్ ఇవ్వాలో, మీ రూటర్‌లో ఆ మోసే సౌకర్యం ఉందో లేదో చూసి చెబుతాను.